పాత పాస్‌వర్డ్‌నే ఒప్పుకునే ల్యాప్‌టాప్

సంక్రాంతి సెలవులకు చెన్నై నుంచి కావలి వచ్చిన మా మేనకోడలు, కనుమ మర్నాడు ఇంటి నుంచే పని మొదలుపెడదామని కంపెనీ ల్యాప్‌టాప్ తెరిచి, అరగంట సేపు లాగిన్ తెర ముందే కూర్చుండిపోయింది. పాస్‌వర్డ్ గడువు తీరిపోతోందని హెచ్చరిక రావడంతో ఆమె ముందు రోజు రాత్రే ఫోన్‌లో కంపెనీ వెబ్ పేజీ తెరిచి దాన్ని మార్చుకుంది. మార్పు జరిగినట్లు వెంటనే సందేశం వచ్చింది, ఫోన్‌లోని మెయిల్ కూడా కొత్త పాస్‌వర్డ్‌తోనే తెరుచుకుంది. ల్యాప్‌టాప్ మాత్రం కొత్తదాన్ని కొట్టిన ప్రతిసారీ `The user name or password is incorrect` అంటోంది. విసుగొచ్చి పాతది కొడితే ఏ అభ్యంతరమూ లేకుండా లోపలికి రానిచ్చింది. లోపలికి వెళ్లాక, ఇంటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి చేర్చే వీపీఎన్ మాత్రం పాతదాన్ని తిరస్కరించి కొత్తదాన్ని ఒప్పుకుంది. "మామయ్యా, ఇదేం చోద్యం? కొత్తది చెన్నైలో చెల్లుతోంది, పాతది కావలిలో చెల్లుతోంది" అంది. ఆ పిల్ల హాస్యానికి అన్న మాట సాంకేతికంగా కూడా దాదాపు సరైనదే.

చాలా కంపెనీలు ఇచ్చే విండోస్ ల్యాప్‌టాప్‌కు ఉద్యోగి పాస్‌వర్డ్ విషయంలో సొంత అధికారం ఉండదు. ఆ అధికారం ఆఫీసులోని డొమైన్ కంట్రోలర్ అనే సర్వర్‌ది. ఆఫీసు నెట్‌వర్క్‌లో ఉన్నప్పుడు మనం కొట్టిన పాస్‌వర్డ్ సరైనదా కాదా అని ల్యాప్‌టాప్ ఆ సర్వర్‌నే అడుగుతుంది. రైల్లోనో, సొంతూళ్లోనో ఉన్నప్పుడు అడగడానికి సర్వర్ అందదు కనుక, గతంలో సర్వర్ ఒప్పుకున్న లాగిన్ తాలూకు ఆనవాలును ల్యాప్‌టాప్ తన రిజిస్ట్రీలో, అంటే విండోస్ తన అమరికలు ఉంచుకునే చోట, దాచుకుని, దానితోనే పోల్చి చూస్తుంది. ఆ ఆనవాలు పాస్‌వర్డ్ కాదు. పాస్‌వర్డ్‌ను, యూజర్ పేరును కలిపి, విండోస్ విస్టా కాలం నుంచి మామూలుగా 10,240 సార్లు గణితపు మరలో తిప్పి తీసిన విలువ అది. చివరగా లాగిన్ అయిన 10 మంది ఆనవాళ్లను విండోస్ మామూలుగా ఇలా ఉంచుకుంటుంది. ఈ సంఖ్యను కంపెనీ 0 నుంచి 50 వరకు ఎంతైనా పెట్టుకోవచ్చు.

దాచిన ఈ ఆనవాలుకు గడువు తేదీ లేదు. ఆరు నెలలు నెట్‌వర్క్ తగలకుండా బీరువాలో ఉన్న ల్యాప్‌టాప్ కూడా ఆరు నెలల కిందటి పాస్‌వర్డ్‌తో తెరుచుకుంటుంది. బ్యాంకులో ఖాతా నిల్వ మారినా, పాస్‌బుక్‌లో ఎంట్రీ వేయించేదాకా అందులో పాత అంకే కనిపించినట్టు, సర్వర్‌తో ఒకసారి మాటాడేదాకా ల్యాప్‌టాప్‌కు తెలిసినది పాతదే. మా మేనకోడలు పాస్‌వర్డ్ మార్చింది ఫోన్‌లో. ఆ వార్త ఫోన్ నుంచి సర్వర్‌కు చేరింది, కావలిలోని ల్యాప్‌టాప్‌కు చేరవేసే దారి ఏదీ లేదు. ఇంట్లో ఇంటర్నెట్ ఉంది కదా అనే సందేహం సహజమే. అయితే ఇంటర్నెట్ ఉండటం వేరు, డొమైన్ కంట్రోలర్ అందడం వేరు. అది ఆఫీసు గోడల లోపల ఉంటుంది, వీపీఎన్ లేకుండా బయటివారికి కనపడదు.

ఇక్కడ ఒక సూక్ష్మం గమనించాలి. సర్వర్ అందుబాటులో ఉండి "ఇది తప్పు" అని చెప్పినప్పుడు విండోస్ దాచిన ఆనవాలు జోలికి పోదు. లాగిన్ అయ్యేటప్పుడు సర్వర్ అందకపోతేనే దాన్ని వాడుతుంది. అందుకే అదే ల్యాప్‌టాప్‌ను చెన్నై ఆఫీసులో కేబుల్ పెట్టి తెరిస్తే పాత పాస్‌వర్డ్ సాధారణంగా చెల్లదు. సాధారణంగా అనడానికి కారణం ఉంది: మెషీన్ ఆన్ చేసిన వెంటనే, వైఫై ఇంకా అందుకోకముందే తొందరపడి లాగిన్ అయితే ఆఫీసులోనూ పాతదే చెల్లిపోవచ్చు. ఇది ఒక రోజు చెల్లి మరో రోజు చెల్లకపోవడంతో, చాలామంది కీబోర్డు పాడైందనో వైరస్ వచ్చిందనో అనుకుంటారు.

సమస్య ముదిరింది ఆ తర్వాత. ఆమె హెల్ప్‌డెస్క్‌కు ఫోన్ చేస్తే, అవతలి అబ్బాయి విషయం పూర్తిగా వినకుండానే "రీసెట్ చేసేశాను మేడం, ఒకసారి రీస్టార్ట్ చేయండి" అన్నాడు. దానితో ఇప్పుడు పాస్‌వర్డ్‌లు మూడయ్యాయి: ల్యాప్‌టాప్‌కు తెలిసిన మొదటిది, ఆమె ఫోన్‌లో పెట్టుకున్న రెండోది, అతను ఇచ్చిన మూడోది. రెండోది ఎక్కడా చెల్లదు. రీస్టార్ట్ వల్ల ఒరిగిందేమీ లేదు, ఎందుకంటే రీస్టార్ట్ అయితే వీపీఎన్ తెగిపోతుంది, సర్వర్ మళ్లీ దూరమవుతుంది. పైగా అతను రీసెట్ చేసేటప్పుడు `User must change password at next logon` అనే గడిలో టిక్ ఉంచేశాడు. ఆ టిక్ ఉన్నంతవరకు మూడో పాస్‌వర్డ్‌ను ముందు మార్చుకోవాలి. మార్చుకోవాలంటే సర్వర్ అందాలి, సర్వర్ అందాలంటే వీపీఎన్ కావాలి, మార్చుకోని పాస్‌వర్డ్‌ను ఆ వీపీఎన్ ఒప్పుకోదు. పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు అన్నట్టు తయారైంది వ్యవహారం. మళ్లీ ఫోన్ చేసి ఆ టిక్ తీయించాల్సి వచ్చింది.

టిక్ తీశాక చేయవలసిన పని ఐదు నిమిషాలది. మొదట పాత పాస్‌వర్డ్‌తోనే, అంటే ల్యాప్‌టాప్‌కు తెలిసినదానితోనే లాగిన్ కావాలి. తర్వాత కొత్తదానితో వీపీఎన్ కలపాలి. వీపీఎన్ నడుస్తుండగానే, సైన్ అవుట్ కాకుండా, విండోస్ మీట, ఎల్ కలిపి నొక్కి తెరకు తాళం వేయాలి. ఆ తాళాన్ని కొత్త పాస్‌వర్డ్‌తో తీయాలి. లాగిన్‌లా కాకుండా, తాళం తీసేటప్పుడు విండోస్ మామూలుగా ముందు తన దగ్గరున్న ఆనవాలునే చూస్తుంది; కొత్తది దానితో సరిపోలదు కనుక ఈసారి సర్వర్‌ను అడుగుతుంది. వీపీఎన్ దారిలో సర్వర్ అందుతుంది, ఔనంటుంది, ల్యాప్‌టాప్ తన దగ్గరున్న పాత ఆనవాలును చెరిపి కొత్తది రాసుకుంటుంది. ఇక్కడ అలవాటు చొప్పున పాతదే కొడితే తాళం తెరుచుకోవచ్చు, కానీ ఎంట్రీ మాత్రం పడదు. ఒక్కొక్కప్పుడు విండోస్ తానే మూలన `Windows needs your current credentials` అనే చిన్న గడి చూపించి, తాళం వేసి కొత్త పాస్‌వర్డ్‌తో తీయమని కోరుతుంది. దాన్ని ప్రకటన అనుకుని మూసేసేవారే ఎక్కువ.

పని జరిగిందో లేదో తెలుసుకోవడానికి కమాండ్ ప్రాంప్ట్‌లో ఈ ఒక్క మాట చాలు.

```
klist
```

సర్వర్ అందకుండా, దాచిన ఆనవాలుతో లోపలికి వచ్చి ఉంటే ఇది `Cached Tickets: (0)` అని చూపుతుంది. సర్వర్ ఒప్పుకున్నాక, అందుకు గుర్తుగా అది ఇచ్చిన `krbtgt` అనే పేరున్న టికెట్ ఒకటైనా కనిపిస్తుంది. అడ్మిన్ హక్కులున్నవారైతే ఈవెంట్ వ్యూయర్‌లోని సెక్యూరిటీ లాగ్‌లో 4624 నంబరు నమోదును చూడవచ్చు. అందులో `Logon Type` 11 అని ఉంటే అది దాచిన ఆనవాలుతో అయిన లాగిన్, 2 అని ఉంటే మామూలు లాగిన్. మా మేనకోడలు ఇవేవీ చూడలేదు. వీపీఎన్ తీసేసి, వైఫై ఆపి, మెషీన్ రీస్టార్ట్ చేసి కొత్త పాస్‌వర్డ్ కొట్టి చూసింది, తెరుచుకుంది. అన్నిటికంటే నమ్మకమైన పరీక్ష అదే.

ఒక అడ్డంకి ఉంది. కొన్ని వీపీఎన్‌లు తెరకు తాళం పడగానే తెగిపోయేలా అమర్చి ఉంటాయి. అప్పుడు ఈ పద్ధతి పారదు. లాగిన్ తెర మీదే వీపీఎన్ కలిపే ఏర్పాటును కంపెనీ చేసి ఉండాలి, లేదా ల్యాప్‌టాప్‌ను ఆఫీసుకే తీసుకెళ్లాలి. ఇక రెండు పాస్‌వర్డ్‌ల మధ్య కాలాన్ని సాగదీయడమూ ప్రమాదమే. పాతదానితో లోపలికి వచ్చి వీపీఎన్ కలిపితే, వెనకాల నడిచే ప్రోగ్రాములు, షేర్ చేసిన డ్రైవులు పాత పాస్‌వర్డ్‌తోనే సర్వర్ తలుపు తట్టవచ్చు. సర్వర్‌లో ఖాతాలను చూసుకునే యాక్టివ్ డైరెక్టరీ కాస్త ఉదారంగా, ఇటీవలి రెండు పాత పాస్‌వర్డ్‌లను తప్పు ప్రయత్నాల లెక్కలో కలపదు. కానీ హెల్ప్‌డెస్క్ పదే పదే రీసెట్ చేస్తూ పోతే ల్యాప్‌టాప్‌లోనిది ఆ రెండింటికీ వెనకబడుతుంది, ఖాతా లాక్ అయిపోతుంది. రీసెట్ మీద రీసెట్ చేయడం మందు కాదు, రోగాన్ని పెంచడమని నేను అనడం ఇందుకే.

ఇదంతా వినియోగదారు వైపు కథ. భద్రత వైపు నుంచి చూస్తే ఇదే లక్షణం భయపెడుతుంది. ల్యాప్‌టాప్ పోయిందని తెలియగానే పాస్‌వర్డ్ మార్చేసి ఊపిరి పీల్చుకునేవారున్నారు. దొంగకు పాత పాస్‌వర్డ్ తెలిసి ఉంటే, నెట్‌వర్క్ తగలనివ్వకుండా ఆ మెషీన్‌ను అదే పాస్‌వర్డ్‌తో తెరవగలడు. ఉద్యోగం మానేసినవారి ఖాతాను సర్వర్‌లో ఆపేసినా వారి చేతిలోని ల్యాప్‌టాప్‌కు ఆ సంగతి తెలియదు. 2025లో ఒక పరిశోధకుడు, రిమోట్ డెస్క్‌టాప్ ద్వారా కూడా మార్చేసిన పాత పాస్‌వర్డ్ చెల్లుతోందని మైక్రోసాఫ్ట్ దృష్టికి తెచ్చినప్పుడు, మెషీన్ ఎంతకాలం ఆఫ్‌లైన్‌లో ఉన్నా కనీసం ఒక ఖాతా లోపలికి వెళ్లగలిగేలా ఉద్దేశపూర్వకంగా చేసిన ఏర్పాటు ఇదని, దీన్ని భద్రతా లోపంగా పరిగణించబోమని ఆ సంస్థ జవాబిచ్చింది. దూరం నుంచి వచ్చే లాగిన్ విషయంలో ఆ జవాబు నాకు నచ్చలేదు, నెట్‌వర్క్ మీదుగా వచ్చినవాడి కోసం నెట్‌వర్క్ లేనప్పటి సౌకర్యం ఎందుకు? చేతిలో ఉన్న ల్యాప్‌టాప్ విషయంలో మాత్రం వాదన సబబే. ఆనవాళ్ల సంఖ్యను 0 చేస్తే, ఆఫీసు నెట్‌వర్క్ దాటిన మరుక్షణం ఆ మెషీన్ ఎవరికీ తెరుచుకోని డబ్బా అవుతుంది. అందుకని చాలా కంపెనీలు ఆనవాలును ఉంచి, డిస్కులోని సమాచారాన్ని గుప్తీకరించే బిట్‌లాకర్‌తో దాన్ని బిగించి, పోయిన మెషీన్‌ను దూరం నుంచే చెరిపే ఏర్పాటు చేసుకుంటాయి. సర్వర్ల నిర్వాహకుల ఖాతాలను మాత్రం ఆనవాలే మిగలని ప్రొటెక్టెడ్ యూజర్స్ గ్రూపులో పెట్టవచ్చు.

అసలు ఆమె పండుగపూట పాస్‌వర్డ్ ఎందుకు మార్చుకోవలసి వచ్చింది? కంపెనీ 90 రోజుల గడువు పెట్టింది కనుక. విండోస్ డొమైన్‌లో మామూలు గడువు 42 రోజులే. కారణం లేకుండా గడువు పెట్టి పాస్‌వర్డ్‌లు మార్పించవద్దని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే సూచించింది. 2019లో మైక్రోసాఫ్ట్ కూడా తన భద్రతా సిఫార్సుల పట్టిక నుంచి ఈ గడువు నిబంధనను తీసేసింది. అయినా గడువులు నడుస్తూనే ఉన్నాయి. అవి తీరే వేళకు మనిషి ఎక్కడున్నాడో వాటికి పట్టదు. గడువు హెచ్చరిక పంపే మెయిల్‌లో "వీపీఎన్ కలిపి ఉంచి, కంట్రోల్, ఆల్ట్, డిలీట్ నొక్కి, ల్యాప్‌టాప్ నుంచే మార్చుకోండి" అని ఒక్క వాక్యం రాస్తే సర్వర్‌లోనూ ల్యాప్‌టాప్‌లోనూ పాస్‌వర్డ్ ఒకేసారి మారుతుంది. ఆ వాక్యం రాయకుండా వెబ్ పేజీ లింకు ఒక్కటే ఇవ్వడం నిర్లక్ష్యమే.

ఆమె పాస్‌వర్డ్ గడువు మళ్లీ ఏప్రిల్ మధ్యలో, తమిళుల ఉగాది సెలవుల సమయానికే తీరుతుంది. అప్పుడూ కావలి రావాలనే అనుకుంటోంది. ఈసారి బయలుదేరే ముందే, చెన్నై ఆఫీసులో తన సీటులో కూర్చుని మార్చుకుంటానని ఫోన్‌లో గుర్తు పెట్టుకుంది.