ఐడీవీ తగ్గించమనే ఆ మెసేజ్ గురించి

"కారు ఇన్సూరెన్స్ రెన్యూవల్‌లో ఐడీవీ బాగా తగ్గించేయండి, ప్రీమియం సగం అయిపోద్ది. రిపేర్ క్లెయిమ్‌కి ఐడీవీతో సంబంధం లేదు. టోటల్ లాస్ అయినా ఆ రోజు మార్కెట్ రేటు కంపెనీ ఇచ్చి తీరాలి. ఎలాగూ ఏటా పడిపోయే విలువకి డబ్బులు ఎందుకు కట్టడం? ఏజెంట్లు ఇది చెప్పరు, అందరికీ పంపండి."

ఐడీవీ అంటే పాలసీలో మన బండికి రాసుకునే విలువ, బండి పూర్తిగా పోతే, అంటే టోటల్ లాస్ అయితే, లేదా దొంగతనమైతే లెక్క దాని మీదే. ఈ వారంలో ఈ మెసేజ్ నాకు నాలుగోసారి రావడం. ఫ్యామిలీ గ్రూపులో మావయ్య పెట్టారు, స్కూల్ ఫ్రెండ్స్ గ్రూపులో ఇద్దరు పెట్టారు, నిన్న రాత్రి మా పక్కింటాయన స్వయంగా ఫోన్ చూపించి "బాబూ, ఇది నిజమేనా, రేపే రెన్యూవల్ ఉంది" అని అడిగారు. శ్రీకాకుళంలో ఒక వర్క్‌షాప్‌లో క్లెయిమ్స్ పని చాలా ఏళ్లు చూసినవాణ్ణి, అందుకే ఒకసారి కూర్చుని రాస్తున్నా.

ముందు ప్రీమియం సగం అన్న మాట. అవ్వదు. థర్డ్ పార్టీ ప్రీమియం ఇంజిన్ సీసీని బట్టి ఉంటది, ఐడీవీ ఎంతున్నా అది కదలదు. 1000 నుంచి 1500 సీసీ మధ్య కారుకి 2022 జూన్‌లో పెట్టిన రేటు 3,416 రూపాయలు. ఐడీవీతో తగ్గేది మన సొంత బండి నష్టానికి కట్టే ఓన్ డ్యామేజ్ ముక్క ఒక్కటే.

రిపేర్ గురించి రాసింది మాత్రం సగం నిజం, ఒప్పుకుంటాను. షాపుకి ఫైర్ ఇన్సూరెన్స్ తక్కువకి చేయిస్తే నష్టంలో కూడా ఆ నిష్పత్తిలో కోసేస్తారు, కారు పాలసీలో ఆ కోత లేదు. బంపరు, డోరు, హెడ్‌లైట్ పోతే ఐడీవీ ఏడు లక్షలున్నా ఐదున్నరున్నా వచ్చే డబ్బు ఒకటే. ఇది నిజం కాబట్టే ఆ మెసేజ్ అంత నమ్మకంగా తిరుగుతోంది. కానీ దెబ్బ పెద్దదైతే "ఇది రిపేరా, టోటల్ లాసా" అన్న నిర్ణయం ఐడీవీ మీదే నిలబడి ఉంటది. నష్టం అంచనా వేసే సర్వేయర్ ఒప్పుకున్న రిపేరు ఖర్చు, బండిని లాక్కొచ్చిన ఖర్చు కలిపి ఐడీవీలో 75 శాతం దాటితే దాన్ని కన్‌స్ట్రక్టివ్ టోటల్ లాస్ అంటారు. ఐడీవీ తగ్గించారంటే ఆ గీతని మీరే కిందకి దించుకున్నారు. బండి అదే, దెబ్బ అదే, రిపేరు అయ్యే కారు కాస్తా తుక్కు లెక్కలోకి పోద్ది.

మా దగ్గరికి వచ్చిన ఒక కేసు చెప్తాను, అంకెలు గుండ్రంగా చేసి. రెన్యూవల్ నాటికి రెండేళ్ల నాలుగు నెలల కారు, అప్పటికి ఆ మోడల్ షోరూమ్ రేటు పది లక్షలు. రెండు నుంచి మూడేళ్ల మధ్య బండికి 30 శాతం తరుగు, అంటే ఐడీవీ ఏడు లక్షలుండాలి. ఆయన ఆన్‌లైన్‌లో బార్ కిందకి లాగి ఐదున్నర లక్షలు పెట్టుకున్నాడు. ఓన్ డ్యామేజ్ రేటు డిస్కౌంట్లు పోను ఒకటిన్నర శాతం పడింది, అంటే లక్షన్నర మీద మిగిలింది 2,250, జీఎస్టీతో కలిపి 2,655 రూపాయలు. చిలకపాలెం దాటాక హైవే మీద ఆగి ఉన్న లారీని వెనక నుంచి గుద్దాడు, దేవుడి దయ వల్ల మనుషులకి ఏం కాలేదు. ముందు భాగం, ఎయిర్‌బ్యాగులు, డ్యాష్‌బోర్డు, అన్నీ కలిపి సర్వేయర్ లెక్క 4,60,000 తేలింది.

ఏడు లక్షల ఐడీవీ ఉండుంటే గీత 5,25,000 దగ్గర ఉండేది, బండి రిపేరు అయ్యి ఇంటికి వచ్చేది. ఐదున్నరకి గీత 4,12,500. దాటేసింది, టోటల్ లాస్. కంపెనీ వైపు నుంచి కూడా లెక్క చూడండి: క్లెయిమ్‌లో మనమే భరించాల్సిన కంపల్సరీ డిడక్టిబుల్ వెయ్యి తీసేసి 5,49,000 ఇచ్చి, ఆ తుక్కు బండి 1,60,000కి అమ్ముకుంటే వాళ్లకి పడేది 3,89,000, రిపేరుకి పెట్టే 4,60,000 కంటే అది తక్కువ. వాళ్లు మోసం చేసిందేమీ లేదు, ఆయనే ఆ రేటు రాసిచ్చాడు.

ఆ డబ్బైనా చేతికి వచ్చిందా అంటే రాలేదు. బండి లోన్ మీద ఉంది, ఆర్సీలో హైపోథికేషన్ ఉంది, కాబట్టి డబ్బు ముందు బ్యాంకుకే పోద్ది. బాకీ 5,90,000. మొత్తం బ్యాంకుకి జమయ్యాక ఇంకా 41,000 ఈయనే కట్టాలి, లేని కారుకి. ఏడు లక్షలుండి టోటల్ లాస్ అయినా లోను తీరిపోయి 1,09,000 చేతిలో పడేది. 2,655 మిగిల్చుకున్నందుకు ఇది ఫలితం. ఆయన భార్య వర్క్‌షాప్‌కి వచ్చి "బండి బాగుచెయ్యొచ్చని మీ మెకానిక్కే అన్నాడు కదండీ, మరి ఎందుకు చెయ్యరు?" అని అడిగితే ఏం చెప్పాలో నాకు తోచలేదు.

ఇంక మార్కెట్ రేటు ఇచ్చి తీరాలన్న వాక్యం. ఇది రాసిన మనిషి పాలసీ కాగితం ఒక్కసారైనా తెరిచాడా? టోటల్ లాస్‌కి, దొంగతనానికి ఐడీవీనే మార్కెట్ విలువగా లెక్కిస్తామని అందులోనే స్పష్టంగా రాసి ఉంటది. బయట అదే మోడల్ ఎంతకి అమ్ముతున్నారో స్క్రీన్‌షాట్లు పట్టుకుని వెళ్లినా ఎవరూ చూడరు. దానికి మంచి వైపు కూడా ఉంది, పాలసీ ఏడాదిలో ఆ విలువ మళ్లీ తరగదు, పదకొండో నెలలో పోయినా మొదటి రోజు రాసిన మొత్తమే లెక్క. కాబట్టి పడిపోయే విలువకి డబ్బులు కడుతున్నామన్న బాధ అక్కర్లేదు, తరుగు ముందే తీసేసిన విలువ మీదే మీరు కడుతున్నారు.

మన జిల్లాలో ఇది ఎవరో పెద్ద నగరంవాళ్ల సమస్య కాదండీ. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు ఉద్దానంలో కొబ్బరి చెట్లు ఎలా కూలాయో చూసినవాళ్లమే. చెట్టు కూలి నుజ్జయిన బండికి, నీళ్లలో మునిగిన బండికి వచ్చే ఎస్టిమేట్లు ఈ 75 శాతం గీత చుట్టూరానే తిరుగుతాయి.

రేపు రెన్యూవల్ ఉన్నవాళ్లు ఒక చిన్న లెక్క వేసుకోండి. మీ మోడల్, మీ వేరియంట్ ఇవాళ్టి షోరూమ్ రేటు తీసుకోండి, రోడ్డు ట్యాక్సు, రిజిస్ట్రేషన్ కలపొద్దు. బండి ఆరు నెలల లోపుదైతే 5 శాతం, ఏడాది లోపు 15, రెండేళ్ల లోపు 20, మూడేళ్ల లోపు 30, నాలుగేళ్ల లోపు 40, ఐదేళ్ల లోపు 50 తీసేయండి. స్క్రీన్ మీద కనిపించే ఐడీవీ దీనికి దగ్గరగా లేకపోతే, చౌకగా కనిపించే ఆ కోట్ మీద క్లిక్ చెయ్యొద్దు, బార్ పైకి జరిపి మళ్లీ చూడండి. బయట బిగించిన సీఎన్‌జీ కిట్ ఉంటే దాని విలువ విడిగా రాయించండి. ఐదేళ్లు దాటిన బండికి ఈ పట్టిక లేదు, మీరూ కంపెనీ మాట్లాడుకుని ఒప్పుకున్నదే విలువ, కాబట్టి అక్కడ ముందు మీ ఊళ్లో అలాంటి బండి ఎంతకి పోతోందో కనుక్కుని అడగండి. లోన్ ఉన్నవాళ్లు బాకీ స్టేట్‌మెంట్ పక్కన పెట్టుకుని చూడండి, ఐడీవీ దానికంటే తక్కువుంటే ఇవాళే ఏజెంట్‌కి ఫోన్ చెయ్యండి.