“కేజీంపావు” అని చెప్పినది “కేజీ, పావు” కాదు: వాయిస్ నోట్‌ను టిక్కు జాబితాగా రాసేవారికి

ఇంట్లో పెద్దవారు సరుకుల జాబితాను వాయిస్ నోట్‌గా పంపినప్పుడల్లా ఎవరో ఒకరు “టైప్ చేసి పంపమని చెప్పండి” అని విసుక్కోవడం నాకు చాలాకాలంగా బాధ కలిగిస్తోంది. మా అత్తయ్యకు డెబ్బై రెండేళ్లు. ఆవిడ జాబితాను వంట చేసే వరుసలో, పూజ జరిగే వరుసలో తలచుకుంటూ చెబుతారు. ఆ వరుసలో చెబితేనే ఆవిడకు అన్నీ గుర్తొస్తాయి. దుకాణం వరుసలోకి మార్చడం వినేవారి పని. ఆ పనిని మనం అశ్రద్ధగా చేసి, తర్వాత తప్పు ఆవిడ మాటలో ఉందనడం న్యాయం కాదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

నిరుడు మా ఇంట్లో సత్యనారాయణ వ్రతానికి ఆవిడ పంపిన నాలుగు నిమిషాల నోట్‌లో మొదటి మాటలు ఇవి: “రాసుకోండమ్మా. ప్రసాదానికి గోధుమ రవ్వ కేజీంపావు పంచదార అంతే నెయ్యి అంతే.” ఈ వ్రతంలో ప్రసాదపు ద్రవ్యాలను సపాదంగా, అంటే ఒకటికి పావు కలిపి తీసుకోవడం ఆచారం కనుక ఆవిడ ఉద్దేశం స్పష్టమే. మూడూ ఒకటింపావు కేజీ చొప్పున కావాలి. కానీ ఆ నోట్‌ను రాసుకున్నది పుణెలో పెరిగిన మా మరిదిగారి అబ్బాయి. వాడు “రవ్వ కేజీ” అని ఒక పంక్తి, “పావు పంచదార” అని ఇంకొక పంక్తి రాశాడు. ఆ తర్వాతి “అంతే” అన్న మాటను “ఇక చాలు” అనే అర్థంలో తీసుకుని, నెయ్యికి కొలతే లేకుండా వదిలేశాడు. వాడు సరిగ్గానే విన్నాడు. “కేజీంపావు” ఒకే కొలత అని, ఇక్కడ “అంతే” అంటే “ముందు చెప్పినంతే” అని వాడికి ఎవరూ చెప్పలేదు. వ్రతం నాటి ఉదయం ఆరున్నరకు నేను కిలో పంచదార కోసం పరుగెత్తవలసి వచ్చింది. ఆ తర్వాత నుంచి ఈ పనికి నేనొక పద్ధతి పాటిస్తున్నాను. ఈ ఏడాది వ్రతానికి అదే పద్ధతిలో జాబితా చేశాను కాబట్టి, ఆ జాబితానే ఉదాహరణగా తీసుకుంటాను.

నోట్‌ను మొదటిసారి కలం పట్టకుండా చివరిదాకా వినాలి. నోటితో చెప్పే జాబితాలో దిద్దుబాట్లు వెనకాల వస్తాయి. ఈసారి అత్తయ్య మొదటి నిమిషంలో “వక్కలు పావు” అన్నారు. మూడో నిమిషంలో పసుపు కొమ్ముల గురించి చెబుతూ మధ్యలో ఆగి, “వక్కలు అంత వద్దు, వంద గ్రాములు చాలు” అన్నారు. వింటూనే రాసేవారి జాబితాలో వక్కలు రెండు చోట్ల మిగులుతాయి, లేదా మొదటిదే నిలిచిపోతుంది. రెండోసారి వింటున్నప్పుడు మాత్రం ఆవిడ చెప్పిన వరుసలోనే, ఆవిడ మాటల్లోనే, ప్రతి వస్తువుకూ ఒక పంక్తి చొప్పున అంకెలు వేసి రాసుకోవాలి. ఈ దశలో ఏదీ కలపకూడదు, దేనినీ గ్రాములలోకి మార్చకూడదు. ఈ చిత్తుప్రతిని పారేయకూడదు కూడా, ఎందుకంటే తర్వాత లెక్క సరిచూసుకోవడానికి మనకు ఉండే ఆధారం అదొక్కటే. ఈసారి నాకు మొత్తం 41 పంక్తులు వచ్చాయి.

అసలు కష్టమంతా కొలతల దగ్గరే ఉంది. తెలుగులో మనం కొలమానం పేరు చెప్పకుండా సంఖ్య మాత్రమే చెప్పడానికి బాగా అలవాటు పడ్డాం, దుకాణదారుకు అది వస్తువును బట్టి అర్థమవుతుంది. “జీడిపప్పు పావు” అంటే 250 గ్రాములు, “నూనె పావు” అంటే పావు లీటరు. కానీ ఒక్క “వంద” అనే మాటనే తీసుకోండి. “తమలపాకులు వంద” అంటే లెక్క, “కిస్‌మిస్ వంద” అంటే బరువు, “పూలు వంద” అంటే చాలాసార్లు వంద రూపాయలవి. ఒకే గొంతు ఒకే నిమిషంలో మూడు అర్థాలతో ఆ మాటను వాడుతుంది. అందుకే నేను జాబితాలో ఏ సంఖ్యనూ ఒంటరిగా వదలను. సంఖ్య పక్కన కొలమానం, దాని పక్కన అది దేనికోసమో రాస్తాను. “దేనికోసం” అన్నది అలంకారం కోసం రాసే మాట కాదు. దుకాణంలో ఆ వస్తువు ఆ పరిమాణంలో దొరకనప్పుడు ఎంత తగ్గించవచ్చో, ఎంత పెంచవచ్చో నిర్ణయించేది ఆ మాటే.

నెయ్యి దీనికి మంచి ఉదాహరణ. అత్తయ్య చెప్పిన “అంతే” బరువులో ఒకటింపావు కేజీ. దుకాణంలో నెయ్యి ఎక్కువగా లీటర్ల ప్యాకెట్లలో ఉంటుంది. లీటరు నెయ్యి సుమారు 900 గ్రాములే తూగుతుంది కనుక, ఒకటింపావు కేజీ కావాలంటే దాదాపు లీటరు 400 మిల్లీలీటర్లు పడుతుంది. “1.25” అని మాత్రమే రాసుకుని వెళ్లినవారు లీటరుంపావు తెచ్చి, సరిగ్గా తెచ్చామనే అనుకుంటారు. నేను జాబితాలో ఆవిడ చెప్పిన బరువును ముందు రాసి, దాని వెనకాల కొనవలసిన ప్యాకెట్లను రాశాను. మొదటిది ఆవిడ మాట, రెండవది నా నిర్ణయం. ఈ రెండూ విడివిడిగా కనబడితేనే ఎక్కడైనా పొరపాటు జరిగినప్పుడు అది ఎవరిదో తెలుస్తుంది.

ఇక మానెడు, సోలెడు, గుప్పెడు వంటి కొలతలు. దేశంలో మెట్రిక్ కొలతలకు 1956లోనే చట్టం వచ్చినా, మా అత్తయ్య వంటింట్లో ఇత్తడి సోల ఇప్పటికీ పనిచేస్తూనే ఉంది. సోల, మానిక ఘనపరిమాణాన్ని కొలిచేవి, బరువును కాదు. సోలెడు బియ్యం, సోలెడు రవ్వ ఒకే బరువు తూగవు. “కలశం కింద పోయడానికి మానెడు బియ్యం” అని ఆవిడ అంటే దాన్ని గ్రాములలోకి మార్చే అవసరం ఎవరికీ లేదు. ఆ బియ్యం ఇంట్లో డబ్బాలోంచి ఆ మానికతోనే తీస్తారు. అది కొనవలసిన వస్తువే కాదు, తీసి పక్కన పెట్టవలసిన వస్తువు. ఈ సంగతి గమనించాకే నేను జాబితాలో “ఇంట్లోంచి తీయవలసినవి” అని ఒక విభాగం మొదలుపెట్టాను. రాగి చెంబు, రూపాయి నాణేలు, పీట కూడా అందులోకే వెళ్లాయి. ఇవి సరుకుల మధ్యలో ఉన్నంతకాలం దుకాణంలో నిలబడి ఎవరూ వాటికి టిక్కు పెట్టలేకపోయేవారు. టిక్కు పడని పంక్తులు నాలుగైదు ఎప్పుడూ మిగిలే ఉంటాయని అలవాటు పడితే, నిజంగా మరచిపోయిన వస్తువు కూడా వాటి మధ్యలో కనబడకుండా పోతుంది.

అందుకే విభాగాలను వస్తువుల జాతిని బట్టి చేయకూడదని నా అభిప్రాయం. పప్పులు, పండ్లు, పూజా ద్రవ్యాలు అని పాఠ్యపుస్తకంలా విడదీసిన జాబితా చూడడానికి బాగుంటుంది కానీ, కొబ్బరికాయను ఎక్కడ వెతకాలో చెప్పదు. ఎక్కడ కొంటాం, ఎప్పుడు కొంటాం అన్నదే విభజనకు ఆధారం కావాలి. మా జాబితా కిరాణా, పూజా సామగ్రి దుకాణం, వ్రతం నాటి ఉదయం తెచ్చేవి, ఇంట్లోంచి తీసేవి అని నాలుగు భాగాలైంది. పాలు, పూలు, తమలపాకులు, మామిడాకులు మూడో భాగంలోకి వెళ్లాయి, ఎందుకంటే వాటిని ముందురోజు తెస్తే వాడిపోవడమో విరగడమో జరుగుతుంది.

విభాగాలలోకి మార్చేటప్పుడే ఒకే వస్తువుకు సంబంధించిన పంక్తులను కలపాలి. కలిపినా కూడిక పైకి కనబడాలి. మా జాబితాలోంచి కొన్ని పంక్తులు ఇవి:

☐ పంచదార: 1.25 కేజీ ప్రసాదానికి + గుప్పెడు పంచామృతానికి → 1.5 కేజీ కొనాలి
☐ నెయ్యి: 1.25 కేజీ ప్రసాదానికి → లీటరు ప్యాకెట్ 1, అర లీటరు ప్యాకెట్ 1
☐ కొబ్బరికాయలు: 5 కొట్టడానికి + 1 కలశం మీదకు → 6
☐ అరటిపండ్లు: 24 తాంబూలాలకు + 6 ప్రసాదంలోకి → 30
☐ వక్కలు: 100 గ్రాములు (ముందు పావు అన్నారు, తర్వాత తగ్గించారు)
☐ కర్పూరం: ఎంత? అడగాలి

“కొబ్బరికాయలు 6” అని మాత్రమే రాసి ఉంటే, వాటిలో ఒకటి కలశానికి పిలకతో, పగుళ్లు లేకుండా నిండుగా ఉండాలన్న సంగతి కొనేవారికి తెలిసేది కాదు. ఇలా కలిపిన తర్వాత లెక్క సరిచూడాలి. చిత్తులో 41 పంక్తులు ఉన్నాయి. పంచదార, కొబ్బరికాయలు, అరటిపండ్లు రెండేసి చోట్ల చెప్పినవి కలిసినందున మూడు తగ్గాయి. వక్కలు, అగరుబత్తులు రెండింటికీ దిద్దుబాటు వచ్చినందున మరో రెండు తగ్గాయి. నాలుగు విభాగాలూ కలిపి 36 ఉండాలి. నాకు మొదట 35 వచ్చింది. చిత్తులో అంకెలను ఒక్కొక్కటిగా కొట్టేస్తూ వెళితే 29వ పంక్తి దగ్గర తేనె ఏ విభాగంలోకీ చేరలేదని తేలింది. ఈ లెక్క వేయడానికి రెండు నిమిషాలు కూడా పట్టదు. పంచామృతంలో తేనె లేదన్న సంగతి పీటల మీద కూర్చున్నాక తెలియడం కన్నా ఇది ఎంతో నయం.

కొలత చెప్పని చోట ఊహించి నింపడం నాకు ఏమాత్రం ఇష్టం లేదు. ప్రశ్నార్థకం పెట్టి వదిలి, అలాంటివన్నీ ఒకేసారి అడగాలి. “మీ పిన్ని వాళ్లు వస్తే పాతికమంది, లేకపోతే ఇరవై, బియ్యం దాన్ని బట్టి” అని అత్తయ్య అన్నారు. దాన్ని “బియ్యం 25 మందికి” అని రాసేస్తే ఆవిడ పెట్టిన షరతు మాయమవుతుంది. ఆ పంక్తిని నేను రెండు సంఖ్యలతోనే ఉంచి, పిన్ని గారికి ఫోన్ చేశాక ఒకదాన్ని కొట్టేశాను.

టిక్కు గురించి కూడా ఒక మాట చెప్పాలి. వస్తువు సంచిలో పడ్డాకే టిక్కు పెట్టాలని, దుకాణదారుకు చెప్పినప్పుడు పెట్టకూడదని మా ఇంట్లో ఇప్పుడు నియమం. 30 అరటిపండ్లలో 18 మాత్రమే దొరికితే టిక్కు పెట్టకుండా పక్కన “18 వచ్చాయి” అని రాయాలి. కొన్ని నోట్స్ యాప్‌లలో విభాగం పేరును కూడా టిక్కు పంక్తిగా పెట్టి మిగతావాటిని దాని కిందికి జరిపితే, పేరు మీద పొరపాటున వేలు తగిలినప్పుడు కింద ఉన్నవన్నీ ఒకేసారి టిక్కయిపోతాయి. అందుకని ఒక్కొక్క విభాగాన్ని వేరే నోట్‌గా చేసి, ఏ విభాగం బాధ్యత ఎవరిదో వారికే పంపుతున్నాను.

జాబితా పూర్తయ్యాక దాన్ని అత్తయ్యకు టైప్ చేసి పంపలేదు. విభాగాల వరుసలో, కొలతలతో సహా చదివి వాయిస్ నోట్‌గానే పంపాను. ఆవిడ చెప్పిన వరుస వేరు, నేను చదివిన వరుస వేరు కావడంతో ఆవిడ దాన్ని కొత్త జాబితాలా శ్రద్ధగా విన్నారు. పావుగంటలో బదులు వచ్చింది: “అన్నీ సరిగ్గా ఉన్నాయమ్మా. కర్పూరం యాభై గ్రాములు చాలు. తాంబూలాల్లోకి రవికె గుడ్డలు చెప్పడం నేనే మరిచిపోయాను, తొమ్మిది రాసుకో.” 37వ పంక్తిగా అది చేరింది.