ఆ నాలుగు ప్రశ్నలు ఎందుకు వచ్చాయంటే

జర్మనీలోని మన తెలుగు సంఘం ఈ ఉగాదికి పెట్టిన సభలో పంచాంగ శ్రవణం అయ్యాక మన సభ్యుడొకాయన మైకు అందుకుని, విశాఖపట్నంలోని ఒక ఆసుపత్రి మీద బాధ వెళ్లగక్కారు. వాళ్లమ్మగారి జర్మన్ వైద్య కాగితాలన్నీ తెలుగు చేయించి రెండో అభిప్రాయం కోసం పంపితే, జవాబుకు బదులు నాలుగు ప్రశ్నలు తిరిగి వచ్చాయట. "మనవాళ్లే మనల్ని ఇలా తిప్పుతారా?" అన్నారు. హాలంతా చప్పట్లు కొట్టింది. లైవులో చూస్తున్న నాకు ఆ చప్పట్లే గుచ్చుకున్నాయి. విదేశాల నుంచి వచ్చే ఇలాంటి ఉత్తరాలను విప్పి, సర్ది, డాక్టరు బల్ల మీదికి చేర్చే పని విశాఖలో చేసేవాణ్ణి కాబట్టి ఆ నాలుగు ప్రశ్నలూ ఏమై ఉంటాయో ఊహించగలను. ఆయన ఇంటి విషయం ఇక్కడ రాయను. అలాంటి ఉత్తరాన్నే ఉదాహరణగా తీసుకుంటాను.

గాజువాక నుంచి జర్మనీలో కొడుకు దగ్గరికి వెళ్లిన యాభై నాలుగేళ్ల తల్లి అనుకుందాం. మెడ దగ్గర థైరాయిడ్‌లో గడ్డ. అల్ట్రాసౌండ్ తీశారు, సూది పెట్టి కణాలు తీసి చూశారు, ఆపరేషన్ చెయ్యాలన్నారు. అంత అవసరమా అని విశాఖ డాక్టరును అడగాలని ఆవిడ కోరిక. కొడుకు రిపోర్టులన్నీ కూర్చుని తెలుగు చేశాడు.

అల్ట్రాసౌండ్ రిపోర్టులో గడ్డ కొలత 2,3 సెంటీమీటర్లని ఉంది. జర్మన్లు దశాంశానికి చుక్క పెట్టరు, కామా పెడతారు. అంటే రెండు పాయింట్ మూడు. తెలుగులో అది "రెండు, మూడు సెంటీమీటర్లు" అయిపోయింది. మనం రోజూ రెండు మూడు అంటూనే ఉంటాం కదా, చదివినవాళ్లకీ తప్పనిపించదు. ఆరు నెలల తర్వాత గడ్డ పెరిగిందా లేదా అని ఈ అంకెతోనే పోల్చాలి. రెండు నుంచి మూడు దాకా ఏదైనా కావచ్చంటే పోల్చడానికి ఏమీ మిగలదు. మొదటి ప్రశ్న ఇదే అయి ఉంటుంది.

మెడలోని లింఫ్ గ్రంథుల దగ్గర జర్మన్ డాక్టరు రెండు పొడి అక్షరాలు రాశాడు. "ఓనే బెఫుండ్" అన్న మాటలకు అవి పొట్టి రూపం, అంటే తేడా ఏమీ కనపడలేదని. అనువాదంలో ఆ చోటు ఖాళీగా ఉంది. చూడలేదా, చూస్తే ఏమీ లేదా? ఇది రెండో ప్రశ్న. థైరాయిడ్ గడ్డ విషయంలో ఈ రెంటికీ చాలా తేడా ఉంది. "ఫెర్డాఖ్ట్ ఆవుఫ్" పొడి అక్షరాలదీ ఇదే కథ. అనుమానం ఉందని మాత్రమే దాని అర్థం. అది జారిపోతే అనుమానం కాస్తా నిర్ధారణ అయిపోతుంది. అందుకే అర్థం కాని అక్షరాలను వదిలెయ్యకండి, ఊహించి పూరించనూ వద్దు. ఉన్నవి ఉన్నట్టు దింపి పక్కన ప్రశ్నార్థకం పెట్టండి. ప్రతి అనువాదం పేజీ వెనకా జర్మన్ పేజీ జత చెయ్యండి. ఫైళ్లకు ఇలా పేర్లు పెడితే ఏది దేనికి జతో చూడగానే తెలుస్తుంది:

```
02_ultrasound_DE.pdf
02_ultrasound_TE.pdf
```

రిపోర్టుల అనువాదం ఇంగ్లీషులో ఉంటే ఇంకా మేలు. విశాఖలో ఏ డాక్టరైనా రిపోర్టు ఇంగ్లీషులోనే చదువుతారు.

మూడో ప్రశ్న, సూది పరీక్ష చివరికి ఏం తేల్చిందన్నది, రాయడం నాకు కష్టంగా ఉంది. సూది పరీక్ష రిపోర్టు చివర, ఫాలిక్యులర్ నియోప్లాజమ్ అనే రకం గడ్డ అనుమానం ఉంది, క్యాన్సర్ కాదని చెప్పలేం అని ఒక వాక్యం ఉంటుంది. కొడుకు దాన్ని వదిలేశాడు. పొరపాటున కాదు. ఉత్తరం అమ్మ చదువుతుంది, ఆ మాట ఆమె కంట పడకూడదని. మన ఇళ్లల్లో జబ్బు పేరు మెల్లగా, వరండాలోకి తీసుకెళ్లి కొడుక్కో అల్లుడికో చెబుతారు. ఆ ప్రేమను నేను తప్పు పట్టలేను. కానీ ఆ వాక్యం లేని కాగితం చదివిన డాక్టరు "మామూలు గడ్డే, ఆరు నెలలకోసారి స్కాన్ చేయించుకోండి" అని రాయగలడు, ఆ తల్లి సంతోషంగా ఆపరేషన్ మానుకోగలదు. ఉత్తరంలో దాచిన మాట డాక్టరు దగ్గర కూడా దాగుతుంది. అమ్మకు ఎప్పుడు, ఎలా చెప్పాలన్నది వేరుగా డాక్టరుతోనే మాట్లాడండి. రికార్డులో మాత్రం చెయ్యి పెట్టకండి.

ఆ వాక్యం ఉంటే అడగాల్సిన ప్రశ్న కూడా మారుతుంది. ఫాలిక్యులర్ గడ్డ మంచిదో చెడ్డదో సూదితో తీసిన కణాలు చెప్పలేవు. దాని చుట్టూ ఉండే పొరను, రక్తనాళాలను కణాలు దాటాయా అన్నది గడ్డ బయటికి తీసి చూస్తేనే తెలుస్తుంది. అందుకే సాధారణంగా ముందు థైరాయిడ్‌లో ఒక పక్క భాగం తీస్తారు. మొత్తం తీసేస్తే జీవితాంతం మాత్ర వేసుకోవాలి. కాబట్టి "ఏం చెయ్యమంటారు?" అని వదిలెయ్యకుండా "సగం తీస్తే సరిపోతుందా, మొత్తం తియ్యాలా? అక్కడి స్లైడ్లు మీరు మళ్లీ చూస్తారా?" అని రాయాలి. నాలుగో ప్రశ్న బహుశా "మీరు అడిగేదేమిటి?" అనే.

ఆ కణాలు పరిచిన గాజు స్లైడ్ల గురించి ఒక జాగ్రత్త. గడ్డ కోసి తీసిన ముక్కైతే మైనపు దిమ్మలో ఉంటుంది, దాని నుంచి కొత్త పొరలు కోసివ్వచ్చు. సూది పరీక్ష స్లైడ్లు చాలాసార్లు ఆ ఒక్క సెట్టే. పగిలితే మళ్లీ సూదే. ల్యాబు నుంచి అరువుగా అడగండి, గట్టి ప్లాస్టిక్ స్లైడు పెట్టెలో, ట్రాకింగ్ ఉన్న కొరియర్లో పంపండి. స్కాన్‌ను ఫోనుతో ఫొటో తీసి పంపితే లాభం లేదు, స్కాన్ యంత్రం నుంచి వచ్చే అసలు డైకామ్ ఫైళ్లే అడగండి. మీ ఫైలు చూసే హక్కు జర్మనీ పౌర చట్టం 630జి సెక్షన్ ఇస్తోంది. మొదటి కాపీకి డబ్బు తీసుకోకూడదని యూరోపియన్ కోర్టు 2023 అక్టోబరులో చెప్పింది.

విశాఖ నుంచి మందుల చీటీ మాత్రం ఆశించకండి. మన దేశపు 2020 టెలిమెడిసిన్ మార్గదర్శకాలు దేశం బయటి రోగులకు వర్తించవు. వచ్చేది కాగితాలు చదివి రాసిన అభిప్రాయం. దాన్ని అక్కడి డాక్టరుకే చూపించాలి.

రిపోర్టులు ఇంగ్లీషులో ఉండాలన్నాను కదా, ఉత్తరం మాత్రం ఆ తల్లి తెలుగులోనే, ఆమె నోటి మాటగానే ఉండాలి. "మింగుతుంటే గొంతుకకి ఏదో అడ్డం పడ్డట్టుంటాది, రెండు నెలలై గొంతు బొంగురుపోనాది" అని ఆవిడంటే, కొడుకు "గొంతు నొప్పి" అని రాశాడు. గొంతు బొంగురుపోవడం నొప్పి కాదు. స్వరపేటికకు వెళ్లే నరం థైరాయిడ్ వెనక నుంచే పోతుంది. ఆ ఒక్క మాట చూస్తే సర్జన్ ఆపరేషన్‌కు ముందే స్వరపేటికను పరీక్షించమంటాడు. విశాఖలో ఆ మాట అర్థం కాని డాక్టరు అరుదు. ఆవిడ వేసుకునే మాత్రల పేర్లు కూడా డబ్బా మీద కంపెనీ పెట్టిన పేరు కాక, లోపలి మందు పేరుతో రాయండి. రక్తం పలచబడే మందుంటే అన్నిటికన్నా ముందు రాయండి.

మన సంఘంలో నర్సులున్నారు, జర్మన్ బాగా వచ్చినవాళ్లూ ఉన్నారు. ఊరికి ఇద్దరు చొప్పున, రోగి సంతకంతో అనుమతి తీసుకుని, ఇలాంటి ఉత్తరాన్ని పంపేముందు అసలు కాగితాలతో వరసా వరసా పోల్చి చూడమని అడుగుతున్నాను. దానికి ఒక సాయంత్రం చాలు. దీపావళి సభలోపు పేర్లిస్తే, విశాఖ డాక్టర్లు ఏమేం అడుగుతారో కూర్చుని వివరించడానికి నేను సిద్ధం.