'ఖలేజా'ని అందరూ మొదటి రోజే మెచ్చుకున్నారట

ఈ మధ్య ఒక లెక్క వేశాను. 'ఖలేజా'ని 2010లోనే థియేటర్లో చూసి, "ఇది మామూలు సినిమా కాదు, జనానికి ఎక్కడానికి టైం పడుతుంది" అని అప్పుడే చెప్పామంటున్నవాళ్లు మా వీధిలో, ఆఫీసులో, చుట్టాల్లో కలిపి నలభై మంది దాకా తేలారు. రెండు రాష్ట్రాల్లో ప్రతి వీధికీ ఇలాంటి నలభై మంది ఉంటే ఆ సినిమా ఫ్లాప్ అవడానికి దారే లేదు. అంటే అప్పట్లో వసూళ్లు లెక్కపెట్టినవాళ్లకు కూడికలు రాకపోయి ఉండాలి. ఇంకో కారణం కూడా తడుతోంది కానీ, నలభై మంది పెద్దమనుషులను అనుమానించే కుసంస్కారం నాకు లేదు.

జరిగింది మాత్రం ఇదీ. మహేష్ బాబు 'అతిథి' 2007 అక్టోబరులో వచ్చింది. తర్వాతి సినిమా 'ఖలేజా' 2010 అక్టోబరు 7న వచ్చింది. మధ్యలో మూడేళ్లు. ఆ మూడేళ్లలో అభిమాని ఊరికే కూర్చోలేదు, తన బుర్రలో తనే ఒక సినిమా తీసుకున్నాడు. అందులో హీరో 'పోకిరి'లో లాగా తక్కువ మాట్లాడతాడు, ఎక్కువ కొడతాడు. తీరా తెర మీద త్రివిక్రమ్ చూపించింది రాజస్థాన్ ఇసుకలో గొంతు తడారకుండా వాగే ఒక టాక్సీ డ్రైవర్‌ని. పైగా ఓ పల్లె జనం అతన్ని దేవుడంటారు, అతనేమో "నాకెందుకొచ్చిన గొడవ" అన్నట్టు ఉంటాడు. హాల్లో అభిమానికి అయోమయం. వారం ముందే 'రోబో' దిగి ఉంది, వారం తర్వాత 'బృందావనం' వచ్చింది. అయోమయం తీరడానికి దొరికిన గడువు సరిగ్గా ఏడు రోజులు. టైటిల్ గొడవ వల్ల సినిమా 'మహేష్ ఖలేజా' అనే పేరుతో రావాల్సి వచ్చింది. పేరు దగ్గరే సర్దుబాటు చేసుకున్న సినిమా అన్నమాట.

ఇక్కడ 'ఫ్లాప్' అనే మాటను కాస్త విప్పి చూడాలి. మనం దాన్ని సినిమా మీద తీర్పు అనుకుంటాం. నిజానికి అది ధర మీద తీర్పు. సినిమాను నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర, గుంటూరు, కృష్ణా అంటూ ఏరియాల వారీగా అమ్ముతారు. ఒక ఏరియాను బయ్యర్ 2 కోట్లకు కొన్నాడనుకోండి. థియేటర్ అద్దెలు, పన్నులు పోగా అతని చేతికి వచ్చేదాన్ని షేర్ అంటారు. అది కోటీ 40 లక్షలు వస్తే సినిమా ఫ్లాప్. అదే సినిమాకి, అదే జనం, అవే చప్పట్లతో, బయ్యర్ 70 లక్షలే పెట్టి ఉంటే డబుల్ బ్లాక్‌బస్టర్ అని పోస్టర్ పడేది. తెర మీద ఒక్క ఫ్రేమ్ కూడా మారదు. మారేది కొన్న ధర ఒక్కటే. పెద్ద హీరో మూడేళ్ల తర్వాత వస్తున్నాడంటే ఆ ధర ఎక్కడ ఉంటుందో చెప్పక్కర్లేదు. ఊరి జనం మొత్తం ఒకసారి చూసినా గట్టెక్కనంత ఎత్తులో ఉంటుంది. రెండోసారి కూడా రావాలి.

రెండోసారి రావాల్సినవాళ్లే రాలేదు. విచిత్రమేమిటంటే, ఇది రెండోసారి చూస్తేనే బాగుండే సినిమా. మొదటిసారి చూసేవాడి ధ్యాసంతా కథ మీద ఉంటుంది. ఈ ఊళ్లో జనం ఎందుకు చచ్చిపోతున్నారు, ఈ టాక్సీవాడికీ దానికీ సంబంధమేంటి అని వాడు కంగారుపడుతుంటాడు. ఆ కంగారులో హీరో వేసే జోకులు అడ్డం పడుతున్నట్టు ఉంటాయి. కథ తెలిసిపోయాక చూస్తే చెవులు ఖాళీగా ఉంటాయి. అప్పుడు వినబడతాయి మాటలు. కానీ బాక్సాఫీసు మొదటి చూపుని మాత్రమే కొలుస్తుంది. పెళ్లిచూపుల్లో పిల్ల పకోడీ బాగా వేసిందా లేదా అని చూసి జీవితం తేల్చేసినట్టు.

ఆ రెండో చూపుని ఉచితంగా ఇంటికి తెచ్చింది టీవీ. ఛానల్ వాళ్లు ఒకసారి హక్కులు కొన్నాక, ఇన్నేళ్ల ఒప్పందంలో పదిసార్లు వేసినా వందసార్లు వేసినా అయ్యే ఖర్చు దాదాపు అంతే. అందుకని ఆదివారం మధ్యాహ్నం చేతికి ఏది తగిలితే అది వేస్తారు. పప్పన్నం తిని సోఫాలో ఒరిగిన మనిషికి మొదలూ అక్కర్లేదు, చివరా అక్కర్లేదు. సునీల్ ఎడారిలో పడే పాట్లు ఒక పావుగంట చూస్తాడు, నిద్రపోతాడు. వచ్చే నెల ఇంకో పావుగంట. థియేటర్లో మరీ సాగిందనిపించిన దాదాపు మూడు గంటల సినిమా ఇలా ముక్కలు ముక్కలుగా తింటే భలే అరిగింది. పైగా టికెట్ కొనలేదు కాబట్టి కోపం లేదు. కోపం లేని ప్రేక్షకుడు ఎంత తెలివైనవాడో అప్పుడే బయటపడింది.

ఇది మన దగ్గరే పుట్టిన జబ్బు కాదు. అమెరికాలో ఫ్రాంక్ కాప్రా 1946లో 'ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్' తీస్తే నష్టాలు వచ్చాయి. 1974లో ఎవరో కాపీరైట్ రెన్యువల్ చేయడం మర్చిపోయారు. ఊరికే దొరికింది కదా అని టీవీ స్టేషన్లన్నీ ప్రతి క్రిస్మస్‌కీ దాన్నే వేశాయి. ఇప్పుడది అక్కడి వాళ్లకు పండగ సంప్రదాయం. ఒక గుమాస్తా మతిమరుపు మహా కళాఖండాన్ని నిలబెట్టిందంటే కళ గొప్పదో గుమాస్తా గొప్పవాడో తేల్చడం కష్టం.

అలాగని టీవీలో వేసిన ప్రతి ఫ్లాపూ కల్ట్ అయిపోదు. వందసార్లు వేసినా ఫ్యాను గాలికి చెదిరిపోయేవే ఎక్కువ. సినిమాలోంచి ఊడదీసి జేబులో వేసుకెళ్లే వస్తువు ఏదో ఒకటి ఉండాలి. 'ఖలేజా'లో అవి మాటలు. దాని తర్వాత నెలన్నరకి వచ్చి నిర్మాతను నష్టాల్లో ముంచిన 'ఆరెంజ్'లో అవి హారిస్ జైరాజ్ పాటలు. సినిమా పేరు చెప్పగానే ఎదుటివాడు ఓ డైలాగైనా అనాలి, ఓ పల్లవైనా అందుకోవాలి. "ఆ... చూశాను, బానే ఉంటుంది" అన్నాడా, అది ఫ్లాపే. దాన్ని ఏ టీవీ కాపాడలేదు.

ఇంతకీ ఆ నోరున్న హీరోకి ఏమైంది? మరుసటి ఏడాది 'దూకుడు'లో మళ్లీ అలాగే గలగలా మాట్లాడాడు, జనం నెత్తిన పెట్టుకున్నారు. పెద్దకోడలు చీవాట్లు తిని అలవాటు చేసిన కూరని చిన్నకోడలు వండితే లొట్టలేసుకు తిన్నట్టు.

నా బాధంతా 2010 నాటి బయ్యర్ గురించి. అతని హక్కులు ఎప్పుడో చెల్లిపోయి ఉంటాయి. 2025 మే 30న రీరిలీజ్‌లో హాళ్లు ఊగిపోయినప్పుడు ఆ డబ్బు సాధారణంగా కొత్తగా కొన్నవాళ్లదే. అందుకని ప్రభుత్వానికి ఒక సూచన. "నేనప్పుడే చెప్పాను" అనే ప్రతి ఒక్కరి దగ్గరా నాటి టికెట్ ముక్క అడగాలి. లేకపోతే 2010 రేటు ప్రకారం, పదిహేనేళ్ల వడ్డీ కలిపి వసూలు చేసి ఆ ఏరియా బయ్యర్‌కి మనియార్డర్ పంపాలి. టీవీలో పావుగంట చూసినవాళ్లకు రాయితీ ఇవ్వొచ్చు.

నా టికెట్ ముక్క మాత్రం భద్రంగా ఉంది. మొదటి రోజు, రెండో ఆట. రీరిలీజ్‌కి మా మేనల్లుడు లాక్కెళ్లాడు. విజయవాడలో ఒకతను హీరో ఎంట్రీ సీన్‌కి తగ్గట్టు హాల్లోకి పామునే పట్టుకొచ్చాడని వార్తల్లో చదివి, నేను కాళ్లు సీటు మీదికి లాక్కుని కూర్చున్నాను. చుట్టూ కాగితాల వాన.

"మామయ్యా, నువ్వు అప్పుడే చూశావా?" అని అరిచాడు వాడు.

"మొదటి రోజే!" అన్నాను గర్వంగా.

"మరి బయటికొచ్చాక ఏమన్నావు?"

నేను నోరు తెరిచేలోపు ఎడారిలో మహేష్ బాబు ఎంట్రీ వచ్చింది. వాడు లేచి నిలబడి ఈల వేశాడు. నేను వాడికంటే గట్టిగా వేశాను.