గోరియో అద్దె లెక్క

"గోరియో కథ తండ్రి ప్రేమ కథ కదా, ఇందులో వర్గం ఎక్కడుంది?"

అద్దెలో ఉందండీ. ఫ్రెంచ్ రచయిత బాల్జాక్ ఈ నవలలో, వోకే అనే ఆవిడ నడిపే బోర్డింగ్ హౌస్ గురించి రాసిన పేజీలు మళ్లీ చూడండి. గోరియో మొదట ఏడాదికి 1200 ఫ్రాంకులు కట్టి మంచి గదుల్లో దిగుతాడు. వెండి సామాన్లు చూసి వోకే పెళ్లి ఆలోచన కూడా చేస్తుంది. రెండో ఏడాది చివర పై అంతస్తుకు మారి 900కి తగ్గించమంటాడు. ఆమె ముందే డబ్బు కట్టించుకుంటుంది, అప్పటి నుంచే 'మొస్యో' పోయి 'పేర్ గోరియో' అవుతాడు. మన దగ్గర 'గారు' పోయి 'ముసలాయన' అయినట్టు! తర్వాత ఇంకా పైకి, నెలకు 45 ఫ్రాంకుల గదికి. మెట్లు ఎక్కేకొద్దీ మనిషి దిగిపోతాడు.

అలాగని ఆయన అమాయక బాధితుడేం కాదు. ఫ్రెంచ్ విప్లవ కాలపు కరువులో పిండి పదింతల ధరకు అమ్మి గడించిన సొమ్మది. దాన్నే కట్నాలుగా ఇచ్చి, ఒక కూతుర్ని కౌంటుకు, ఇంకో కూతుర్ని బ్యాంకరుకు ఇచ్చాడు. చావు మంచం మీద ఆయనే అంటాడు, డబ్బుంటే కూతుళ్లు కూడా దొరుకుతారని. చివరికి శవం వెనక వచ్చినవి అల్లుళ్ల వంశ చిహ్నాలున్న రెండు బండ్లు. రెండూ ఖాళీ.