బట్టీ తప్ప దారి లేదన్న మాట ఎంత నిజం?

“వన్ వర్డ్ సబ్‌స్టిట్యూషన్లకు లిస్టు బట్టీ కొట్టడం తప్ప వేరే దారి లేదు. మాటను విరిచి అర్థం ఊహిస్తే తప్పే వస్తుంది. సామెతలైతే ఇంకా సులువు, ప్రతిదానికీ తెలుగులో ఒకటి ఉంటుంది, పక్కన రాసుకుంటే చాలు.”

ఇంగ్లిష్ పరీక్షకు చదివేవాళ్లకు చెప్పే మాట ఇది. మొదట బట్టీ సంగతి. ఒక వివరణ ఇచ్చి, దానికి సరిపోయే ఒక్క మాట పట్టుకోమనేదే వన్ వర్డ్ సబ్‌స్టిట్యూషన్. ‘పెళ్లంటే గిట్టనివాడు’ అని ప్రశ్న వచ్చిందనుకోండి. కింద మిసాజినిస్ట్, మిసాగమిస్ట్, మిసాంత్రోప్, ఫిలాంత్రపిస్ట్ ఉన్నాయి. లిస్టు బట్టీ కొట్టినవాడికి టెన్షన్ మొదలయ్యేది ఇక్కడే. మొదటి మూడూ ఒకేలా మొదలవుతాయి, లిస్టులోనూ పక్కపక్కనే ఉంటాయి. ఏది దేనిదో కలిసిపోతుంది.

విరిచి చూసేవాడికి ఆ గొడవ లేదు. మూడింటి మొదట్లో ఉన్నది ద్వేషం అనే గ్రీకు ముక్క. ఇక తేల్చాల్సింది ఎవరి మీద, దేని మీద అన్నదే. బైగమీ అంటే ఒక పెళ్లి ఉండగానే ఇంకో పెళ్లి, మోనోగమీ అంటే ఒకే పెళ్లి. కాబట్టి ‘గమ్’ అంటే పెళ్లి. గైనకాలజిస్ట్ చూసేది స్త్రీల జబ్బులు. పలకడంలో ‘గైన్’, ‘జిన్’ అని మారినా స్పెల్లింగ్‌లో అవే అక్షరాలు, కాబట్టి మిసాజినిస్ట్ స్త్రీద్వేషి. ఆంత్రపాలజీ మనుషుల గురించిన శాస్త్రం, అందుకే మిసాంత్రోప్‌కు మనుషులంటేనే పడదు. ఫిలాంత్రపిస్ట్‌లోనూ ఆ మనిషే ఉన్నాడు, కానీ ముందున్నది ప్రేమ. జవాబు మిసాగమిస్ట్. ఒక్క ప్రశ్నకు కూర్చుంటే నాలుగు మాటలు తేలాయి.

విరిస్తే తప్పు వస్తుందన్న మాటలో కొంత నిజం ఉంది. మిస్‌స్పెల్, మిస్‌యూజ్‌లలో ‘మిస్’ అంటే ద్వేషం కాదు, తప్పుగా అని. అది గ్రీకు ముక్క కాదు, ఇంగ్లిష్ సొంతం. ఆ ముక్క తీసేస్తే స్పెల్, యూజ్ అని నిలబడగలిగే మాట మిగులుతుంది, ‘ఆంత్రోప్’ అలా నిలబడదు. చాలాచోట్ల ఈ గుర్తు పనిచేస్తుంది. మిస్క్రియంట్ మాత్రం దీనికి లొంగదు. అందులో నిలబడే మాటా లేదు, ద్వేషమూ లేదు, అర్థం దుర్మార్గుడు. అందుకే ప్రశ్నలో ద్వేషం, గిట్టకపోవడం లాంటి మాట ఉందో లేదో చూశాకే విరవాలి.

పెడెస్ట్రియన్, పీడియాట్రీషియన్‌లదీ ఇదే తంతు. మొదటిదాంట్లో లాటిన్ పాదం, రెండోదాంట్లో గ్రీకు పిల్లవాడు. బ్రిటిష్ స్పెల్లింగ్‌లో పిల్లల డాక్టరుకు ‘పి’ తర్వాత ‘ఏ’, ‘ఈ’ రెండూ వస్తాయి కాబట్టి తేడా పట్టుకోవచ్చు. అమెరికన్ స్పెల్లింగ్‌లో ఆ ఆధారమూ పోయింది.

ఇక ఫిలాటెలిస్ట్, అంటే స్టాంపులు సేకరించేవాడు. ఈ మాటను ఎంత విరిచినా స్టాంపు కనబడదు. 1864లో ఒక ఫ్రెంచ్ సేకర్త, ప్రేమ అనే మాటకు పన్ను మినహాయింపు అనే గ్రీకు మాటను జోడించి ఫ్రెంచ్‌లో దీన్ని పుట్టించాడు. స్టాంపు అంటించి ఉంటే ఉత్తరం అందుకున్నవాడు డబ్బు కట్టక్కర్లేదు కదా, అదీ లెక్క. ఇలాంటివాటిని బట్టీ పట్టాల్సిందే, నాకూ వేరే దారి దొరకలేదు.

సామెతల దగ్గరే నాకు అసలు పేచీ. ‘ఇట్ ఈజ్ ఎన్ ఇల్ విండ్ దట్ బ్లోస్ నోబడీ ఎనీ గుడ్’ తీసుకోండి. మాటకు మాట తెలుగు చేస్తే ‘ఎవరికీ మేలు చేయనిది చెడ్డ గాలి’ అని వస్తుంది. బడిలో నేను రాసింది అదే, సున్నా వచ్చింది. తెలుగు జోడీ వెతికితే ‘ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు’ తగులుతుంది. ఒకరి నష్టం, ఇంకొకరి లాభం రెండూ ఉన్నాయి కాబట్టి సరిపోయినట్టే అనిపిస్తుంది. కానీ మన సామెత నిప్పడిగినవాడిని ఎత్తిపొడుస్తుంది, ఇంగ్లిష్ సామెత ఎవరినీ తిట్టదు.

దాన్ని ఇలా విప్పాలి. ఒక్కరికంటే ఒక్కరికి కూడా మేలు చేయని గాలి అంటే అది ఎంత చెడ్డదై ఉండాలి? అంత చెడ్డ గాలి దాదాపు ఉండదు. ఒక ఓడకు ఎదురుగాలి అయితే అవతలి దిక్కుకు వెళ్లే ఓడకు అదే వాలుగాలి. అంటే ఏ కష్టంలోనైనా ఎవరో ఒకరికి మేలు జరుగుతుందని. ‘ఇట్ ఈజ్ ఎ లాంగ్ లేన్ దట్ హాజ్ నో టర్నింగ్’ కూడా అచ్చం ఇదే కట్టు. మలుపే లేని దారి అంటే అది ఎంత పొడవుండాలి? అలాంటిది ఉండదు, కాబట్టి చెడు రోజులూ ఎక్కడో మలుపు తిరుగుతాయి. ‘ఇట్ ఈజ్ ఎ’తో మొదలై నడుమ ‘దట్’ వచ్చే సామెత ఎదురైతే ముందు ‘ఎంత?’ అని అడిగి చూడండి.

జోడీలు అసలు పనికిరావని కాదు. ‘ఎ స్టిచ్ ఇన్ టైమ్ సేవ్స్ నైన్’కు ‘గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడం’ బాగానే అతుకుతుంది. అయితే ఆ తొమ్మిది తొమ్మిది కుట్లని, ‘ఇన్ టైమ్’ అంటే సకాలంలో అని ముందు తేల్చుకున్నాకే అది అతికిందో లేదో తెలిసేది.