ఐదు భంగిమలు చూసి "ఇంటర్‌ఫియరెన్స్ లేదు" అని సంతకం పెట్టేశారు

ఈ మధ్యాహ్నం కొత్త యంత్రాన్ని మొదటిసారి చేత్తో తిప్పి చూస్తుండగా, క్రాంక్ పిన్ బోల్ట్ తల గార్డు బ్రాకెట్ రిబ్‌కు తగిలి క్రాంక్ ఆగిపోయింది. మోటార్ కలపకముందే తిప్పి చూశాం కనుక ఒక గీతతో పోయింది. భాగాలు తగలడం కంటే నన్ను ఎక్కువగా మండించినది, ఆ అసెంబ్లీతో పాటు, కంప్యూటర్ మోడల్‌ను తిప్పి చూసిన మోషన్ స్టడీ నివేదిక ఒకటి రావడం, అందులో "ఇంటర్‌ఫియరెన్స్ లేదు", అంటే భాగాలు ఎక్కడా ఒకదానికొకటి తగలవు, అని రాసి సంతకం కూడా పెట్టి ఉండడం.

ఇంటికి వచ్చేలోపే ఆ స్టడీ ఫైలు తెరిచి చూశాను. మోటార్ వేగం నిమిషానికి 300 చుట్లు, అంటే సెకనుకు 5 చుట్లు. ఫ్రేములు సెకనుకు 25. కాబట్టి ఒక చుట్టుకు దక్కినవి ఐదంటే ఐదు ఫ్రేములు, ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య 72 డిగ్రీలు. సాల్వర్ లోపల ఎంత చిన్న అడుగులు వేసి లెక్క కట్టినా, ఇంటర్‌ఫియరెన్స్ తనిఖీ మాత్రం భద్రపరచిన ఫ్రేములలోని భంగిమలనే చూస్తుంది. ఫ్రేముల నడుమ ఏమి జరిగిందో దానికి తెలియదు. పిన్ 80 మి.మీ. వ్యాసార్ధం మీద తిరుగుతుంది, బోల్ట్ తల వ్యాసం 16 మి.మీ., రిబ్ మందం 6 మి.మీ. ఈ కొలతలతో తల రిబ్‌ను తాకే మేర దాదాపు 16 డిగ్రీలు మాత్రమే. రిబ్ ఉన్నది 108వ డిగ్రీ దగ్గర. ఫ్రేములు పడినది 72 దగ్గర, ఆ తరువాత 144 దగ్గర. తాకిడి సరిగ్గా ఆ రెండింటి నడుమ జరిగిపోయింది.

స్టడీ చేసినవారిని అడిగితే, పది సెకన్ల పాటు, యాభై చుట్లు నడిపి చూశామని గట్టిగా చెప్పారు. 360ని 72 నిశ్శేషంగా భాగిస్తుంది కనుక యాభై చుట్లలోనూ అవే ఐదు భంగిమలు తిరిగి తిరిగి వచ్చాయి. గంటసేపు నడిపినా ఆరవ భంగిమ వచ్చేది కాదు. ఇక్కడ మనకు కావలసినది భాగాల స్థానాలే కనుక, మోటార్‌ను నిమిషానికి 4 చుట్లకు తగ్గిస్తే చాలు: ఒక చుట్టుకు 15 సెకన్లు, 375 ఫ్రేములు, ఒక్కో అడుగు 0.96 డిగ్రీ, పిన్ దగ్గర సుమారు 1.3 మి.మీ. కదలిక. స్ప్రింగులు, జడత్వం వల్ల భాగాలు ఎగిరిపడే యంత్రమైతే వేగం తగ్గించకూడదు, ఎందుకంటే అప్పుడు స్థానాలే మారిపోతాయి. అక్కడ అసలు వేగాన్నే ఉంచి, 0.2 సెకన్ల ఒక్క చుట్టును సెకనుకు 1800 ఫ్రేములతో చూడాలి.

అయితే ఈ ఫైలులో అడుగు చిన్నదైనా తాకిడి దొరికేది కాదు. బోల్టులన్నింటినీ తనిఖీ నుంచి తప్పించి ఉంచారు. ఈ అలవాటు మీద నాకు ఏళ్ల తరబడి కోపం ఉంది. బోల్ట్ మర తన రంధ్రంలోకి చొచ్చుకుని ఉన్నట్టు మోడల్ చేస్తారు కనుక, తనిఖీ నడపగానే ప్రతి బోల్ట్‌కూ ఒక తప్పుడు తాకిడి జాబితాలోకి ఎక్కుతుంది. ఆ జాబితా చదివే ఓపిక లేక బోల్టులనే మొత్తంగా తీసేస్తారు. తప్పించవలసినది బోల్ట్‌నూ దాని సొంత రంధ్రాన్నీ కలిపిన జతను మాత్రమే! క్రాంక్‌తో పాటు తిరిగే భాగాలన్నీ, బోల్ట్‌తో సహా, ఒక గుంపు. నిలిచి ఉండే యంత్రపు చట్రం, గార్డు, బ్రాకెట్లు మరొక గుంపు. ఈ రెండు గుంపుల మధ్యే వెతికితే మర తాకిడులు జాబితాలోకి రానేరావు. తిరిగే భాగం మీద అన్నిటికంటే బయటకు పొడుచుకుని ఉండేది బోల్ట్ తలే అయినప్పుడు, దానిని తీసేసి దేనిని వెతికారో నాకు అర్థం కాలేదు.

సాయంత్రం బోల్ట్‌ను కలిపి, 4 చుట్ల వేగంతో నేనే నడిపాను. 105వ ఫ్రేములో, 100.8 డిగ్రీల దగ్గర మొదటి తాకిడి కనబడింది. 120వ ఫ్రేము వరకు కొనసాగింది. లోతు 2 మి.మీ. వెంటనే ఒకరు, బోల్ట్ తలను 3 మి.మీ. లోపలికి దించితే ఇంటర్‌ఫియరెన్స్ సున్నా అవుతుందని సూచించారు. అవుతుంది, కానీ మిగిలే ఖాళీ 1 మి.మీ. మాత్రమే. పిన్‌కు అక్షం వెంబడి 0.5 మి.మీ. మేర వదులుగా కదిలే ఆట ఉంది, వెల్డింగ్‌లో బ్రాకెట్ 1 మి.మీ. అటూ ఇటూ జరగవచ్చని డ్రాయింగే ఒప్పుకుంటోంది. రెండూ ఒకే వైపుకు వస్తే మళ్లీ అర మి.మీ. తాకుతుంది. మోడల్‌లోని భాగాలన్నీ ఆదర్శ కొలతలలోనే ఉంటాయి కనుక, అలాంటి తాకిడిని ఇంటర్‌ఫియరెన్స్ తనిఖీ ఎన్నటికీ చూపదు. అందుకే చుట్టు పొడవునా తలకూ రిబ్‌కూ మధ్య కనిష్ఠ దూరాన్ని గ్రాఫ్‌గా గీయించాను. తలను 5 మి.మీ. దించాక, 100 నుంచి 116 డిగ్రీల మధ్య ఆ దూరం 3 మి.మీ. కంటే తగ్గడం లేదు. ఆటనూ వెల్డింగ్ తేడానూ తీసివేసినా 1.5 మి.మీ. మిగులుతుంది. ఆ గ్రాఫ్‌ను, ఫ్రేముల సంఖ్యను, ఏ గుంపుకూ ఏ గుంపుకూ మధ్య వెతికామో ఆ జాబితాను నివేదికకు జతచేసి పంపాను. అవి లేని నివేదిక మీద ఇకపై నేను సంతకం పెట్టను.